సమచతుర్భుజ వైశాల్యంలో సగం ఎందుకు?

"కర్ణాలు 16 సెం.మీ., 12 సెం.మీ. గుణిస్తే 192 వచ్చింది. పుస్తకంలో జవాబు 96. సగం ఎందుకు చేయాలండీ?"

మీకొచ్చిన 192 కూడా ఒక వైశాల్యమేనండీ, కాకపోతే వేరే పటానిది. సమచతుర్భుజం గీసి, ప్రతి శీర్షం గుండా ఎదురు కర్ణానికి సమాంతరంగా గీత గీయండి. కర్ణాలు లంబంగా ఖండించుకుంటాయి కాబట్టి చుట్టూ 16 × 12 దీర్ఘచతురస్రం ఏర్పడుతుంది. 192 దానిది.

ఇప్పుడు లోపల చూడండి. కర్ణాలు ఒకదాన్నొకటి సగానికి కోస్తాయి కాబట్టి ఆ దీర్ఘచతురస్రం నాలుగు 8 × 6 గదులవుతుంది. ఒక్కో గదిని సమచతుర్భుజపు ఒక భుజం మూల నుంచి మూలకు సరిగ్గా రెండుగా చీలుస్తుంది. 48లో 24 లోపల, 24 బయట. లోపలివి నాలుగు కలిపితే 96 చ.సెం.మీ.

ఇక్కడ అసలు పని చేసేది లంబకోణమే. అందుకే కర్ణాలు లంబంగా ఉండే గాలిపటం ఆకారానికీ ఇదే సూత్రం సరిపోతుంది. మామూలు సమాంతర చతుర్భుజంలో కర్ణాలు సమద్విఖండన చేసుకున్నా, లంబంగా లేకపోతే ఇది పనికిరాదు.

ఎప్పుడైనా 24 వస్తే, సగం కర్ణాలు వేసి ఒక్క త్రిభుజం దగ్గరే ఆగారన్నమాట.