లిస్టింగ్ ఫొటోల్లో మెయిన్ ఫొటో తర్వాత ఏది పెట్టాలి?

ప్రశ్న: "750 ఎంఎల్ స్టీల్ వాటర్ బాటిల్ అమెజాన్‌లో పెడుతున్నాను. ఏడు ఫొటోలు తీశాను. మెయిన్ తర్వాత ఇన్ఫోగ్రాఫిక్ పెట్టాలా, చేత్తో పట్టుకున్న ఫొటో పెట్టాలా?"

చేత్తో పట్టుకున్నదే పెట్టండి. తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద పోల్చుకోవడానికి ఇంకేమీ ఉండదు కాబట్టి, మెయిన్ ఫొటోలో అర లీటరు బాటిలూ లీటరు బాటిలూ ఒకేలా కనిపిస్తాయి. కొనేవాళ్లకు వెంటనే వచ్చే అనుమానం సైజు గురించే. అది తీరకపోతే "ఇంత చిన్నదనుకోలేదు" అంటూ వెనక్కి పంపేస్తారు.

ముందు మెయిన్ ఫొటో సరిచూసుకోండి. బ్యాక్‌గ్రౌండ్ పూర్తి తెలుపు (RGB 255, 255, 255) ఉండాలి, ఫ్రేములో కనీసం 85 శాతం వస్తువే నిండాలి, మీరు చేర్చిన రాతలేవీ ఉండకూడదు. 2000×2000 ఫొటో అయితే బాటిల్ ఎత్తు 1700 పిక్సెళ్లు రావాలి. స్టీలుతో వచ్చే చిక్కేమిటంటే, తెలుపు ప్రతిబింబించి అంచులు బ్యాక్‌గ్రౌండ్‌లో కలిసిపోతాయి. బాటిల్‌కు రెండు వైపులా, ఫ్రేములోకి రాకుండా నల్ల చార్టు ముక్కలు నిలబెట్టి తీయండి. అంచుల వెంట సన్నటి నల్లగీత పడి ఆకారం తేలుతుంది. తర్వాత ఎడిటింగ్‌లో గీసిన అంచు ఇంత సహజంగా రాదు.

చేతి ఫొటోలో చెయ్యి, బాటిల్ కెమెరాకు ఒకే దూరంలో ఉండాలి. బాటిల్‌ను కెమెరా వైపు చాచి దగ్గర్నుంచి తీస్తే అది ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది. చూడ్డానికి బాగుంటుంది గానీ రిటర్నులు తెచ్చేది అదే. రెండు మీటర్లు వెనక్కి జరిగి, 2x జూమ్‌తో తీయండి. నాణెం పక్కన పెట్టి సైజు చూపించొద్దు. అది తెలియనివాళ్లకు ఉపయోగం లేదు, పైగా బాటిల్ పక్కన ఆనదు.

ఇన్ఫోగ్రాఫిక్ మూడోది. అందులో కొలతలు మాత్రమే పెట్టండి: మూతతో కలిపి ఎత్తు 27 సెం.మీ., అడుగు వ్యాసం 7.3 సెం.మీ., పట్టేది 750 ఎంఎల్. మూత లేకుండా కొలిచిన ఎత్తు వేస్తే బ్యాగులో పట్టలేదన్న ఫిర్యాదు ఖాయం. అడుగు వ్యాసం చూసేది కారు కప్ హోల్డర్ కోసం. 2000 పిక్సెళ్ల ఫొటో ఫోన్ తెర మీద దాదాపు అయిదో వంతుకు కుదించుకుపోతుంది. 50 సైజు అక్షరం అక్కడ 10 అయిపోతుంది. 100కి తగ్గకుండా వేయండి. పట్టకపోతే అక్షరాలు చిన్నవి చేయకుండా మాటలు తగ్గించండి.

మిగిలిన నాలుగిటి వరుస అంత ముఖ్యం కాదు. మూత విప్పి రబ్బరు రింగు కనిపించేలా ఒకటి, మూతి వెడల్పు తెలిసేలా పైనుంచి ఒకటి, బ్యాగు పక్క జేబులో ఒకటి, డబ్బాలో వచ్చేవన్నీ కలిపి ఒకటి చాలు. రంగులు రెండు మూడు ఉంటే వాటన్నిటినీ ఒకే ఫొటోలో పెట్టొద్దు, అన్నీ వస్తాయనుకుంటారు.