నీళ్లు పోశాక ఒక్క సెల్ రీడింగ్ తగ్గితే

"నిన్న ఇన్వర్టర్ ట్యూబులర్ బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోశాను. హైడ్రోమీటర్‌లో ఐదు సెల్స్ 1230, ఒకటి 1180 చూపిస్తోంది. దాంట్లో యాసిడ్ పోయాలా?"

యాసిడ్ అస్సలు పోయకండి. యాసిడ్ బరువు, అందుకే కొత్తగా పోసిన నీళ్లు పైనే నిలుస్తాయి. హైడ్రోమీటర్ పీల్చింది ఆ పల్చటి పొరనే కావచ్చు. ఆ సెల్‌కి మిగతావాటికంటే ఎక్కువ నీళ్లు పట్టాయా?

ఫుల్ ఛార్జ్ అయి బుడగలు వచ్చేదాకా ఉంచండి, ఆ బుడగలే నీళ్లనీ యాసిడ్‌నీ కలుపుతాయి. అందులో హైడ్రోజన్ ఉంటుంది కాబట్టి కిటికీలు తెరవండి, దగ్గర్లో అగరుబత్తి కూడా వద్దు. ఛార్జింగ్ ఆపి, రెండు మూడు గంటలాగి, యాసిడ్ కళ్లలో పడకుండా రక్షణ కళ్లజోడు పెట్టుకుని మళ్లీ రీడింగ్ చూడండి. మిగతావాటికి దగ్గరగా వస్తే టెన్షన్ లేదు. అప్పటికీ 50 పాయింట్లు తేడా ఉంటే ఆ సెల్ బలహీనపడినట్టే, యాసిడ్ దాన్ని బాగుచేయదు.

టెర్మినల్ మీద తెల్లపొడి కనిపిస్తే ఇన్వర్టర్ ఆపి, వైర్లు విప్పి, వేడినీళ్ల గుడ్డతో తుడిచి, ఆరాక బిగించి వాజలిన్ రాయండి.