ఒకే ముఖం, రెండు ఛాయలు: రంగు మీద పక్షపాతాన్ని ఎలా కొలుస్తారు

ప్రశ్న: నల్లగా ఉన్నవాళ్ళని తక్కువ తెలివైనవాళ్ళుగా, అంతగా నమ్మలేనివాళ్ళుగా చూస్తారని పరిశోధనల్లో తేలిందని అంటారు. కానీ ఎవర్ని అడిగినా "నాకు రంగు పట్టింపు లేదు" అనే చెప్తారు కదా, మరి సైకాలజిస్టులు దీన్ని ఎలా కొలుస్తారు? ఆన్‌లైన్‌లో ఉండే టెస్ట్ చేస్తే నా సంగతి నాకు తెలుస్తుందా?

జవాబు:

చెన్నైలో సైకాలజీ పీజీ చేసే రోజుల్లో మా మేడమ్ పరిశోధన కోసం టి.నగర్, తాంబరం వైపు ఉండే తెలుగువాళ్ళ ఇళ్ళకి వెళ్ళి సమాధానాలు సేకరించే పని చేశాను. ఫలితాలు ఆవిడవి, వాటి జోలికి వెళ్ళను. పద్ధతి మాత్రం దగ్గర నుంచి చూశాను కాబట్టి అది చెప్తాను.

రంగు గురించి అసలు అడగరు. ఒక మనిషి ఫోటో తీసుకుని, కంప్యూటర్‌లో చర్మం ఛాయ ఒక్కటే మార్చి, తెల్లటి రూపాన్ని కొందరికి, నల్లటి రూపాన్ని వేరే కొందరికి చూపిస్తారు. ప్రశ్న మామూలుగానే ఉంటుంది: "ఈయన ఎంత తెలివైనవారని మీకు అనిపిస్తోంది? ఒకటి నుంచి ఏడు లోపు ఒక అంకె చెప్పండి." తర్వాత నమ్మకం గురించి అలాగే ఇంకో ప్రశ్న. ముక్కు, కళ్ళు, నవ్వు, చొక్కా అన్నీ అవే కాబట్టి, రెండు గుంపుల సగటుల్లో తేడా వస్తే దానికి కారణం ఛాయే అని చెప్పగలుగుతారు.

ఒక్క ముఖంతో పని జరగదు. ఆ ముఖంలోనే ఏదో ప్రత్యేకత ఉండొచ్చు. అందుకని చాలా ముఖాలు తీసుకుని రెండు జాబితాలు చేస్తారు. మొదటి జాబితాలో తెల్లగా ఉన్న ముఖం రెండో జాబితాలో నల్లగా ఉంటుంది, ఇక్కడ నల్లగా ఉన్నది అక్కడ తెల్లగా ఉంటుంది. ఒక మనిషి ఒకే జాబితా చూస్తాడు, కాబట్టి ఒకే ముఖం రెండు రంగుల్లో ఎవరి కంటా పడదు.

ఇది ఎందుకు అవసరమో ఊహించిన అంకెలతో చూడండి. చూడగానే తెలివైనవాడిలా అనిపించే ముఖం ఒకటి, అంతగా అనిపించనిది ఒకటి ఉన్నాయనుకుందాం. మొదటి జాబితాలో మొదటి ముఖం తెల్లగా ఉంది, సగటు 5.2 వచ్చింది. రెండో ముఖం నల్లగా ఉంది, 4.0 వచ్చింది. ఈ జాబితా ఒక్కటే చూస్తే తెలుపుకి 1.2 ఎక్కువ, ఘోరమైన పక్షపాతం అనిపిస్తుంది. రెండో జాబితాలో మొదటి ముఖం నల్లగా ఉన్నా 4.9 తెచ్చుకుంది, రెండోది తెల్లగా ఉన్నా 4.3 దగ్గరే ఆగింది. ఇది ఒక్కటే చూస్తే నలుపుకే 0.6 ఎక్కువ, అంటే కథ తిరగబడింది. రెండూ కలిపి సగటు తీస్తే ముఖాల తేడా కొట్టుకుపోయి 0.3 మిగులుతుంది. ఛాయ వల్ల వచ్చిన తేడా అదే. పక్షపాతం మీద వార్త ఏది చదివినా ఇలాంటి జాగ్రత్త తీసుకున్నారా లేదా అన్నదే నేను ముందు చూస్తాను.

చెప్పడానికి "ఛాయ మాత్రం మార్చి" అంటాం గానీ, మొత్తం పనిలో ఎక్కువగా చెడేది అక్కడే. ఫోటో మొత్తం వెలుతురు పెంచితే పళ్ళు, కళ్ళలో తెల్లటి భాగం, వెనకున్న గోడ కూడా తెల్లబడతాయి. చూసేవాడికి అది తెల్లటి మనిషిలా కాకుండా ఎండలో తీసిన ఫోటోలా కనిపిస్తుంది. అందుకని చర్మం ఉన్నంత మేర విడిగా ఎంచుకుని మారుస్తారు. అప్పుడు కూడా వెలుతురు ఒక్కటే తగ్గిస్తే చర్మం బూడిద రంగులోకి వెళ్ళి మనిషి జబ్బుపడ్డట్టు ఉంటాడు. అసలు చర్మం నల్లబడినప్పుడు అందులోని పసుపు, ఎరుపు కూడా మారతాయి. రంగు కొలిచేవాళ్ళు వెలుతురుని సున్నా నుంచి వంద వరకు L* అనే అంకెతో చెప్తారు. పసుపుదనానికి b*, ఎరుపుకి a* అని విడి అంకెలు ఉంటాయి. ఈ మూడూ నిజమైన మనుషుల చర్మంలో కలిసి ఎలా ఉంటాయో అలాగే మార్చాలి. లేకపోతే నల్లటి రూపానికి నమ్మకం మార్కులు తగ్గినప్పుడు అది నలుపు వల్లా, రోగిష్టిలా కనిపించడం వల్లా అన్నది తేల్చలేం. అందుకే అసలు అధ్యయనానికి ముందు వేరే మనుషులకి ఈ ఫోటోలు చూపించి "ఇది నిజమైన ఫోటోలా ఉందా?", "ఈయన ఆరోగ్యంగా ఉన్నారా?" అని అడుగుతారు. రెండు రూపాలకీ ఈ జవాబులు ఒకేలా వస్తేనే ముందుకి వెళ్తారు.

ఇంత చేశాక కూడా ఫోన్ మొత్తం పాడుచేయగలదు. లింకు వాట్సాప్‌లో పంపితే ఒకరి ఫోన్‌లో రాత్రి మోడ్ వల్ల తెర పసుపుగా ఉంటుంది, ఇంకొకరు బ్యాటరీ మిగలడానికి బ్రైట్‌నెస్ తగ్గించుకుని ఉంటారు. మేము అద్దిన ఛాయ వాళ్ళ కంటికి చేరేసరికి ఇంకొకటి అవుతుంది. అందుకే మేము లింకు పంపకుండా ఒకే ట్యాబ్లెట్ పట్టుకుని, బ్రైట్‌నెస్ ఒకచోట కట్టేసి, వసారాలో కాకుండా లోపలి గదిలో కూర్చుని చూపించేవాళ్ళం.

తర్వాతి చిక్కు, చూసేవాళ్ళు మన ఉద్దేశం పసిగట్టడం. చెన్నైలో ఇది ఇంకా ఎక్కువ. 'డార్క్ ఈజ్ బ్యూటిఫుల్' ప్రచారం 2009లో మొదలైంది ఇక్కడే, 'విమెన్ ఆఫ్ వర్త్' అనే ఇక్కడి సంస్థ ద్వారా. ఫెయిర్‌నెస్ క్రీముల మీద చర్చ కాలేజీ పిల్లలందరికీ తెలుసు. రంగు పరీక్ష అని అర్థమైన మరుక్షణం చాలామంది నల్లటి ముఖానికి కావాలనే ఎక్కువ వేస్తారు. అందుకే కళ్ళద్దాలు, గడ్డం, చొక్కాల తేడాలు కూడా కలిపి దృష్టి మళ్ళిస్తారు. చివర్లో "ఇది దేని గురించి అనుకుంటున్నారు?" అని అడిగి, కనిపెట్టినవాళ్ళ జవాబులు విడిగా లెక్కిస్తారు.

నాకు ఎక్కువ ఆలోచన రేపింది మాత్రం వేరే ప్రశ్న. మేము ఆఖర్న "ఈ అబ్బాయి ఏ ప్రాంతంవాడై ఉంటాడు, వాళ్ళది ఎలాంటి కుటుంబం అనుకుంటున్నారు?" అని కూడా అడిగేవాళ్ళం. ఒకావిడ తెల్లటి రూపం చూసి "నార్త్ అబ్బాయేమోనమ్మా, కలిగినవాళ్ళ పిల్లాడిలా ఉన్నాడు" అంది. ఆవిడ వేసిన మార్కు రంగుకా, ఆ రంగు చూసి ఊహించుకున్న డబ్బుకీ ప్రాంతానికీనా? మన దగ్గర ఛాయని చూసి మనుషులు కులం, ఆస్తి, ఎండలో పనిచేసే బతుకా కాదా అన్నవన్నీ ఊహించేస్తారు. ఈ ఊహలన్నీ కలిసిన పక్షపాతాన్ని ఫోటో పద్ధతి పట్టుకోగలదు గానీ, విడదీసి చూపాలంటే ఇలాంటి ప్రశ్నలు అదనంగా ఉండాల్సిందే. అమెరికాలో చేసిన అధ్యయనం తీసుకొచ్చి ఇక్కడ అలాగే దింపితే ఈ సంగతి జారిపోతుంది.

అమెరికావి అయినా రెండు పరిశోధనల గురించి తెలుసుకోవాలి, రెండూ మీ ప్రశ్నకి సూటిగా తగులుతాయి. మొదటిది 2014లో ఆవి బెన్‌జీవ్ బృందం శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ యూనివర్సిటీలో చేసింది. వాళ్ళు దారిని తిప్పారు: రంగు చూసి తెలివిని ఎలా అంచనా వేస్తారు అని కాకుండా, తెలివి సంగతి చెప్తే రంగు ఎలా గుర్తుంటుంది అని చూశారు. తెర మీద కొందరికి 'చదువుకున్నవాడు' అన్న అర్థమున్న మాట, కొందరికి 'అజ్ఞాని' అన్న అర్థమున్న మాట, గమనించడానికి కూడా వీలులేనంత కొద్ది సేపు మెరిసింది. వెంటనే ఒక నల్లజాతి మనిషి ముఖం చూపించారు. తర్వాత ఏడు ఫోటోలు ఇచ్చి, ఇందాక చూసింది ఏదో చెప్పమన్నారు. అందులో ఒకటి అసలుది, మూడు అంతకంటే నల్లవి, మూడు అంతకంటే తెల్లవి. 'చదువుకున్నవాడు' అన్న మాట చూసినవాళ్ళు ఎక్కువగా తప్పారు, తప్పినప్పుడు తెల్లటి ఫోటోల వైపే వెళ్ళారు. ఇందులో మార్కులు లేవు, అభిప్రాయం అడగలేదు. జ్ఞాపకంలో జరిగిన పొరపాటు ఎటు వాలిందన్నదే కొలత. "నాకు రంగు పట్టింపు లేదు" అని మనస్ఫూర్తిగా చెప్పే మనిషి దగ్గర కూడా ఇది పనిచేస్తుంది, అందుకే నాకు ఈ పద్ధతి మీద గౌరవం.

రెండోదానిలో ప్రయోగశాల లేదు. అమెరికాలో 2012 ఎన్నికల సర్వే కోసం ఇంటింటికీ వెళ్ళినవాళ్ళు మాట్లాడిన ప్రతి మనిషి చర్మం రంగుకీ ఒక అంకె వేశారు, చూడ్డానికి ఎంత తెలివైనవారిలా ఉన్నారో కూడా రాశారు. లాన్స్ హానన్ అనే సామాజిక శాస్త్రవేత్త 2015లో ఆ కాగితాలు తీసి చూస్తే, నల్లజాతి, లాటినో జనంలో ఛాయ తక్కువున్నవాళ్ళని తెల్లజాతి సర్వేయర్లు తక్కువ తెలివైనవాళ్ళుగా రాసినట్టు తేలింది. ఆ మనుషుల చదువు, అదే సర్వేలో పెట్టిన పదాల పరీక్షలో వాళ్ళ మార్కులు లెక్కలోకి తీసుకున్నాక కూడా తేడా మిగిలింది. ఒక బలహీనత ఉంది: రంగు వేసిందీ, తెలివి రాసిందీ ఒకే చెయ్యి. తెలివైనవాడని అనిపించిన మనిషి తెల్లగా కూడా కనిపించి ఉండొచ్చు, బెన్‌జీవ్ చూపించింది అదే కదా. ఈ అనుమానం తీరాలంటే చర్మాన్ని పరికరంతో కొలవాలి, లేదా రంగు ఒకరు, తెలివి ఇంకొకరు వేయాలి.

ఇక మీ సంగతి మీకు తెలుస్తుందా అన్నది. మేము వెళ్ళిన ఒక ఇంట్లో నెల్లూరు నుంచి వచ్చి స్థిరపడిన పెద్దాయన అన్ని ముఖాలకీ ఓపిగ్గా మార్కులు వేసి, "రంగుదేముందమ్మా, బుద్ధి ముఖ్యం" అన్నారు. ఆ మాటకీ ఆయన వేసిన అంకెలకీ పొంతన ఉందా లేదా అని ఆయన ఒక్కరి కాగితం చూసి నేను చెప్పలేను. ఆయన చూసింది ఒక జాబితా, అందులో ముఖాల తేడా కలిసే ఉంటుంది. ఈ పద్ధతి గుంపు గురించే మాట్లాడుతుంది.

ఒక్కో మనిషికీ స్కోరు ఇచ్చేది మీరు అడిగిన ఆన్‌లైన్ టెస్ట్. ప్రాజెక్ట్ ఇంప్లిసిట్ అనే సైట్‌లో చర్మం రంగు మీదే ఒకటి ఉంది. తెల్లటి, నల్లటి ముఖాలు, మంచి, చెడ్డ అర్థాల మాటలు తెర మీదికి వస్తుంటాయి, మీరు రెండు మీటలతో వాటిని విడదీయాలి. తెలుపూ మంచీ ఒకే మీట మీద ఉన్నప్పుడు, నలుపూ మంచీ ఒకే మీట మీద ఉన్నప్పుడు మీరు తీసుకున్న సమయాల తేడాని మిల్లీసెకన్లలో కొలిచి స్కోరు కడతారు. కానీ అదే మనిషి కొన్నాళ్ళకి మళ్ళీ చేస్తే రెండు స్కోర్ల మధ్య పొందిక, పూర్తిగా కలిస్తే 1 అనుకుంటే, 0.5 దగ్గరే ఉంటుంది. ఈరోజు 'ఓ మోస్తరు' అని వచ్చింది వచ్చే నెల 'కొద్దిగా' అని రావచ్చు. పైగా అది కొలిచేది మంచి, చెడు అన్న ముడి. తెలివి, నమ్మకం గురించి అది నేరుగా అడగదు. సరదాగా కాకుండా నిజంగా తెలుసుకోవాలని ఉంటే కొన్ని వారాల తేడాతో మూడు నాలుగుసార్లు చేసి, స్కోర్లన్నీ ఒకే వైపు వాలుతున్నాయా అని చూడండి. ఒక్కసారి వచ్చిన అంకెని పట్టుకుని మీ గురించి ఏ తీర్పూ ఇచ్చుకోకండి.