బటన్‌కు లొంగని డీవీడీ ట్రే: చిన్న రంధ్రంతో తెరవడమెలా?

*మా డెస్క్‌టాప్ పన్నెండేళ్ల నాటిది. మొన్న మా పెళ్లి డీవీడీ పెట్టి చూశాం. ఆ తర్వాత ట్రే బయటకు రావడం లేదు. బటన్ నొక్కితే లోపల గిర్రుమని చప్పుడొచ్చి ఆగిపోతోంది. బటన్ పక్కన సూది బెజ్జం లాంటిది ఉంది, అందులో పిన్ను గుచ్చితే తెరుచుకుంటుందని మా తమ్ముడు అంటున్నాడు. గుచ్చొచ్చా? డీవీడీ పాడవుతుందేమోనని భయంగా ఉంది, మా దగ్గరున్నది ఆ ఒక్క కాపీయే.*
*— ఒక పాఠకురాలు, తెనాలి*

గుచ్చొచ్చు. మీ తమ్ముడు చెప్పింది నిజమే, ఆ రంధ్రం పెట్టిందే ఇలాంటప్పుడు వాడుకోవడానికి. డీవీడీ గురించి దిగులు పెట్టుకోకండి. పిన్ను డిస్కు దాకా వెళ్లదు. ట్రే కింద ఉండే ఒక ప్లాస్టిక్ మీటను మాత్రమే నెడుతుంది. కాకపోతే కంప్యూటర్ పూర్తిగా ఆపేసి, ప్లగ్ కూడా తీసేసిన తర్వాతే ఆ పని చెయ్యాలి. ఇది మాత్రం తప్పనిసరి. డ్రైవ్ నడుస్తున్నప్పుడు డిస్కు నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది. ఆ వేగంలో ఉండగా మీట కదిపితే డిస్కు పట్టు తప్పి ట్రేకు రాసుకుంటుంది. మీరు భయపడే గీతలు పడేది అప్పుడే.

పిన్ను పట్టుకునే ముందు చిన్న పరీక్ష ఒకటి చెయ్యండి. ఎజెక్ట్ బటన్ ట్రేను నేరుగా తెరవదు, తెరవమని డ్రైవ్‌లోని సర్క్యూట్‌ను అడుగుతుంది అంతే. విండోస్ గానీ, వీడియో ప్లేయర్ గానీ ఆ డిస్కును వాడుకుంటూ తలుపుకు తాళం వేసి ఉంచితే, బటన్ ఎన్నిసార్లు నొక్కినా డ్రైవ్ పలకదు. అందుకని తెరిచి ఉన్న ప్రోగ్రాములన్నీ మూసేసి, `This PC`లో డ్రైవ్ గుర్తు మీద రైట్ క్లిక్ చేసి `Eject` నొక్కి చూడండి. రాకపోతే కంప్యూటర్ రీస్టార్ట్ చేసి, స్క్రీన్ మీద తయారీ కంపెనీ లోగో కనిపించగానే, విండోస్ ఇంకా రాకముందే, డ్రైవ్ బటన్ నొక్కండి. ఆ క్షణంలో తాళం వేసే సాఫ్ట్‌వేర్ ఏదీ ఉండదు. అప్పుడు తెరుచుకుంటే డ్రైవ్‌లో లోపం లేనట్టే. మీ విషయంలో గిర్రుమని చప్పుడు వస్తోందన్నారు కాబట్టి, సర్క్యూట్ మీ మాట విని మోటారును తిప్పుతోంది, ట్రే కదలడం లేదన్నమాట. నా అంచనా ప్రకారం ఈ పరీక్షతో మీది తెరుచుకోదు. అయినా రెండు నిమిషాల పనే, చూసెయ్యండి.

ఇప్పుడు పిన్ను సంగతి. కాగితాలకు పెట్టే మామూలు జెమ్ క్లిప్ తీసుకోండి. ప్లాస్టిక్ తొడుగు ఉన్న రంగుల క్లిప్ వద్దు, అది రంధ్రంలో పట్టదు. క్లిప్ బయటి మడతను విప్పి, కనీసం ఐదు సెంటీమీటర్ల తీగ నిటారుగా ఉండేలా సాగదీయండి. మిగిలిన మడతలు అలాగే ఉంచితే వేళ్లతో పట్టుకోవడానికి పిడిలా పనికొస్తాయి. ఫోన్‌తో వచ్చే సిమ్ పిన్ పొట్టిది, డెస్క్‌టాప్ డ్రైవ్‌లలో చాలావాటికి మీట దాకా అందదు. గుండుసూది మొన ప్లాస్టిక్‌లో దిగబడుతుంది. అగ్గిపుల్ల, చీపురుపుల్ల అసలు వాడొద్దు. లోపల విరిగిందంటే రంధ్రమే మూసుకుపోయి, ఉన్న ఒక్క దారీ పోతుంది.

రంధ్రం సరిగ్గా ఏదో చూసుకోండి. పాత డ్రైవ్‌లలో ముందువైపు హెడ్‌ఫోన్ జాక్, వాల్యూమ్ చక్రం కూడా ఉండేవి. అవి కాదు. క్లిప్ తీగ మాత్రమే దూరేంత సన్నగా, ట్రే అంచుకు కొంచెం కింద ఉండేది వెతకండి. కొన్ని క్యాబినెట్లలో డ్రైవ్ ముందు ప్లాస్టిక్ మూత ఉంటుంది, దాన్ని వేలితో వంచితే వెనకాల కనిపిస్తుంది. ఫోన్ టార్చి వేసుకుంటే పని తేలిక.

తీగను ట్రేకు సమాంతరంగా, పైకీ కిందికీ వాలకుండా నెమ్మదిగా లోపలికి తోయండి. మూడు నాలుగు సెంటీమీటర్లలోపే ఏదో అడ్డం తగులుతుంది. చాలామంది తడబడేది ఇక్కడే. అడ్డం తగలగానే ఏదైనా విరుగుతుందేమోనని తీగ వెనక్కి తీసేస్తారు. ఆ అడ్డమే మనకు కావలసింది. అక్కడ ఏం జరుగుతుందో తెలిస్తే చేతికి ధైర్యం వస్తుంది.

ట్రే లోపలికి వెళ్లాక, డిస్కును తిప్పే కుదురు కింది నుంచి పైకి లేస్తుంది. డిస్కును ట్రే మీంచి కొద్దిగా ఎత్తి, పైన ఉండే గుండ్రటి బిళ్లకు ఆనిస్తుంది. ఆ బిళ్ల అయస్కాంతంతో కుదురుకు అతుక్కుంటుంది, మధ్యలో డిస్కు కదలకుండా బిగుసుకుంటుంది. తెరవాలంటే ఇదంతా వెనక్కి జరగాలి. ముందు అయస్కాంతం పట్టు విడిపోయి కుదురు కిందికి దిగాలి, ఆ తర్వాతే ట్రే కదలాలి. ఈ రెండు పనులూ చేసేది అడ్డంగా జరిగే ఒకే ఒక ప్లాస్టిక్ పట్టీ. మీ క్లిప్ నెట్టేది ఆ పట్టీనే. అందుకే మొదట గట్టిగా అనిపిస్తుంది, అయస్కాంతాన్ని విడదీస్తున్నారు కదా. బొటనవేలితో కాలింగ్ బెల్ గట్టిగా నొక్కినంత బలం, కుదుపు లేకుండా, ఆగకుండా పెట్టండి. లోపల టక్‌మని పట్టు విడిన చప్పుడు వినిపిస్తుంది, క్లిప్ ఒక్కసారిగా తేలికవుతుంది, ట్రే అంచు ఒక వేలి మందం బయటకు వస్తుంది. దాన్ని రెండు వైపులా పట్టుకుని నేరుగా ముందుకు లాగండి. ఒక పక్కనే పట్టుకుంటే ట్రే వంకరగా వచ్చి పళ్లు తప్పుతుంది.

తీగ తగలాల్సిన చోట తగలకపోతే అది కూడా చేతికి తెలుస్తుంది. మీట అయితే నొక్కేకొద్దీ కొద్దిగా ఒదుగుతుంది. గోడకు గుచ్చినట్టు బండగా ఉండి, క్లిప్ వంగిపోతుంటే మీరు పక్కన ఉన్న ప్లాస్టిక్‌నో ఇనుప అంచునో నెడుతున్నట్టు. వెనక్కి తీసి, తీగ సరిచేసి, కోణం ఒక్క పిసరు మార్చి మళ్లీ ప్రయత్నించండి. బలం పెంచొద్దు.

ట్రే వేలి మందం వచ్చాక మీ చేతికి తెలిసేదాన్ని జాగ్రత్తగా గమనించండి, జబ్బు ఏమిటో బయటపడేది అక్కడే. వెన్నలో కత్తి దిగినట్టు ట్రే సాఫీగా వచ్చేస్తే లోపల అడ్డేమీ లేదు, రబ్బరు బెల్టు సాగిపోయింది. పాత టేప్‌రికార్డర్లలో పాట నెమ్మదించి బొంగురుపోయేది గుర్తుంది కదా, అదే కథ. డ్రైవ్ మోటారుకూ పళ్లచక్రాలకూ మధ్య చిన్న రబ్బరు బెల్టు ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ అది వదులవుతుంది, గట్టిపడి నునుపెక్కుతుంది. మోటారు తిరుగుతుంది, బెల్టు కప్పీ మీద జారుతుంది, అయస్కాంతాన్ని విడదీసే బలం రాదు. మీకు వినిపించే గిర్రుమనే చప్పుడు దాదాపుగా ఇదే.

అలా కాకుండా కొంచెం వచ్చి, స్ప్రింగు లాగినట్టు వెనక్కి గుంజుతుంటే ఆగిపోండి. లోపల డిస్కు ట్రే గుంటలోంచి పక్కకు జరిగి అంచుకు తట్టుకుంటోంది. గతేడాది మా పిన్ని వాళ్లింట్లో ఇదే ఎదురైంది. ట్రే రెండు వేళ్ల మేర వచ్చి బిగుసుకుంది. టార్చి వేసి చూస్తే ఒకటి కాదు, రెండు డిస్కుల అంచులు మెరుస్తున్నాయి. పిల్లలెవరో ఉన్న డిస్కు మీద ఇంకోటి పెట్టేశారు. పైది కుదురు మీద కూర్చోక ఏటవాలుగా లేచి, డ్రైవ్ పైరేకుకు తగులుతోంది. ట్రేను అరంగుళం వెనక్కి నెట్టి, పాత పెళ్లిపత్రిక ఒకటి సందులోంచి డిస్కు పైన దూర్చి, దాంతో డిస్కును కిందికి అదిమి పట్టుకుని, రెండో చేత్తో ట్రేను మెల్లగా లాగాను. మూడోసారికి వచ్చింది. పై డిస్కు అంచున సన్నటి రాపిడి గీత తప్ప ఏమీ కాలేదు. ఇందుకు మందపాటి అట్ట పనికొస్తుంది గానీ ఇనుప స్కేలు, స్క్రూడ్రైవర్ లాంటివి వద్దు. డిస్కు మీద గీత పడేది వాటివల్లే.

అట్టతోనూ రాకపోతే బలవంతం చెయ్యకండి. డ్రైవ్‌ను క్యాబినెట్ నుంచి బయటకు తీయించి, కింది రేకుకు ఉండే నాలుగు స్క్రూలు విప్పి తెరవాల్సిందే. మీ ఊళ్లో కంప్యూటర్ రిపేరు చేసే ఎవరికైనా అది తెలిసిన పని. డ్రైవ్ పోయినా ఫర్వాలేదు, డిస్కు కావాలని ముందే చెప్పండి. అప్పుడు వాళ్లు దేన్ని కాపాడాలో తెలుసుకుని చేస్తారు.

డీవీడీ చేతికొచ్చాక దాన్ని మళ్లీ ఆ డ్రైవ్‌లో పెట్టొద్దు. వెలుతురుకు ఎదురుగా పట్టుకుని మధ్య రంధ్రం చుట్టూ చూడండి. వెంట్రుకంత పగులు కనిపించినా వేగంగా తిరిగే ఏ డ్రైవ్‌లోనూ పెట్టకూడదు, ముక్కలయ్యే ప్రమాదం ఉంది. పగులు లేకపోతే యూఎస్‌బీతో తగిలించే డీవీడీ డ్రైవ్ ఒకటి ఎవరి దగ్గరైనా తెచ్చుకుని, డిస్కులోని `VIDEO_TS` ఫోల్డర్‌ను మొత్తంగా కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోండి. మామూలు డీవీడీ అయితే 4.7 జీబీ లోపే ఉంటుంది, పెన్‌డ్రైవ్‌లో కూడా పడుతుంది. ఆ ఫోల్డర్‌ను వీఎల్‌సీ ప్లేయర్‌లో తెరిస్తే డిస్కు పెట్టినట్టే ఆడుతుంది. ఒక్క కాపీయే అన్నారు కాబట్టి ఇది ఆ రోజే చెయ్యండి, రేపటికి వాయిదా వెయ్యొద్దు.

ఇక ఖాళీ డ్రైవ్ సంగతి. ట్రేను చేత్తో మెల్లగా లోపలికి నెట్టి, ప్లగ్ పెట్టి, కంప్యూటర్ ఆన్ చెయ్యండి. మిగిలిన దూరం డ్రైవే సర్దుకుంటుంది. ఆ తర్వాత బటన్ నొక్కితే మళ్లీ మొరాయించొచ్చు, ఈసారి ఇంకా ఎక్కువగా. డిస్కు లేనప్పుడు అయస్కాంతానికీ కుదురుకూ మధ్య ఎడం తగ్గుతుంది, పట్టు ఇంకా బిగుస్తుంది. అరిగిన బెల్టుకు అది విడదీసే శక్తి ఉండదు. డ్రైవ్‌ను కొన్నాళ్లు వాడుకోవాలనుకుంటే పనికిరాని సీడీ ఏదైనా లోపల ఉంచండి, కొన్నిసార్లు అంతమాత్రానికే ట్రే తెరుచుకుంటుంది. బెల్టు మార్పిస్తే మంచిదే, టేప్‌రికార్డర్లు బాగుచేసే పాత షాపుల్లో ఆ కొలతకు దొరకొచ్చు. పాత బెల్టును వేడినీళ్లలో వేసి తీస్తే కొంత బిగుస్తుంది గానీ అది కొన్ని నెలల ముచ్చట. పన్నెండేళ్ల డ్రైవ్ కాబట్టి నేనైతే బెల్టు మార్పించి, అది కూడా పనిచేయకపోతే కొత్తదాని మీద డబ్బు పెడతాను. అప్పటిదాకా ఆ సాగదీసిన జెమ్ క్లిప్‌ను క్యాబినెట్ పక్కన టేపుతో అంటించి ఉంచుకోండి.