"పర్వాలేదు సార్" అన్న మనిషి వెళ్లిపోతుంటే

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. తొమ్మిది మంది ఉన్న టీమ్‌కి మేనేజర్ని. అందరిలోకీ నెమ్మదస్తుడు, నాలుగేళ్లుగా నా దగ్గరే పనిచేస్తున్న కుర్రాడు పోయిన వారం రాజీనామా ఇచ్చాడు. ఏనాడూ ఏదీ అడగలేదు, ఎవరితోనూ మాటా మాటా అనుకోలేదు. కారణం అడిగితే 'పర్సనల్ సార్' అంటున్నాడు. ఇంకా 40 రోజులు నోటీస్ పీరియడ్ ఉంది. జీతం పెంచి ఆపమంటారా? ఇంట్లో ఈ సంగతి చెబితే మా ఆవిడ, 'మీకు చెప్పి ప్రయోజనం లేదని అతనికీ తెలిసిపోయి ఉంటుంది' అంది. అప్పట్నుంచి నిద్ర పట్టడం లేదు. నాలో లోపం ఎక్కడుంది?

జవాబు: జీతం మాట ముందుగా ఎత్తకండి. ఎందుకో చెప్పాలంటే, అచ్చం మీలాంటి పరిస్థితిలో నా దగ్గరకు వచ్చిన ఒక మేనేజర్ సంగతి చెప్పాలి. ఆవిడ అనుమతితోనే, గుర్తుపట్టే వివరాలు తీసేసి రాస్తున్నాను.

ఆవిడ టీమ్‌లో నెలాఖరు లెక్కలన్నీ సరిచూసి రిపోర్టు తయారుచేసే పని ఒకే ఒక్క అతనిది. మూడేళ్లలో ఒక్క నెల కూడా ఆలస్యం చేయలేదు. మీటింగుల్లో చివరి కుర్చీలో కూర్చుని రాసుకునేవాడు. ఒకరోజు రాజీనామా మెయిల్ వచ్చింది. ఆవిడ మొదట చేసిన పని, మీరు అనుకుంటున్నదే. పిలిచి, 'ఎంత పెంచితే ఆగుతారు?' అని అడిగేసింది. అతను 'అది కాదు మేడమ్' అన్నాడు. ఆ మాటతో సంభాషణ ముగిసిపోయింది. డబ్బు గురించి అడిగాక ఇంకేం చెప్పినా బేరంలా వినిపిస్తుందని అతనికి అనిపించిందట. ఇది తర్వాత అతనే చెప్పాడు.

'ఏనాడూ ఏమీ అడగలేదండీ' అని ఆవిడ కూడా నాతో అంది. నేను ఒక్కటే చెప్పాను: ఇంటికెళ్లి అతని పేరుతో పాత మెయిల్స్ అన్నీ తెరిచి, ప్రతి మెయిల్లో ఆఖరి రెండు లైన్లు చదవండి.

మర్నాడు ఫోన్ చేసినప్పుడు ఆవిడ గొంతు మారిపోయి ఉంది. ఏడాదిన్నర కింద పంపిన ఒక రిపోర్టు మెయిల్ చివర ఇలా ఉందట: 'వీలైతే, నెలాఖరు పనికి ఇంకొకరు తోడుంటే బాగుంటుందేమో మేడమ్. తొందరేమీ లేదు.' దానికి ఆవిడ ఇచ్చిన జవాబు, 'నోటెడ్, థాంక్స్.' ఆ తర్వాత నాలుగు నెలలకు ఇంకో మెయిల్లో, 'ముందు అనుకున్న విషయం ఎప్పుడైనా చూద్దాం' అని ఉంది. ఏ విషయమో కూడా ఆవిడకు గుర్తు లేదు. దానికసలు జవాబే వెళ్లలేదు. ఇక క్యాలెండర్ చూస్తే, అతనితో విడిగా మాట్లాడాల్సిన ఏడు మీటింగుల్లో ఐదు ఆవిడే రద్దు చేసింది. ప్రతిసారీ అతని నుంచి అదే మెసేజ్: 'పర్వాలేదు మేడమ్.'

అంటే అతను అడిగాడు. కాకపోతే అతని భాషలో అడిగాడు. గట్టిగా మాట్లాడేవాళ్లు 'నా వల్ల కావట్లేదు, మనిషిని ఇవ్వండి' అంటారు. నెమ్మదస్తులు అదే మాటకి ముందు 'వీలైతే', వెనక 'ఏమో' తగిలిస్తారు. ఎదుటివాళ్లు కాదనడానికి సులువుగా ఉండాలని అలా మెత్తగా అంటారు. మనం ఆ మెత్తదనాన్ని అవసరం లేకపోవడంగా చదువుకుంటాం. మీరు కూడా ముందు పాత మెయిల్స్ తెరవండి. ఏమీ దొరకకపోవచ్చు కూడా. కానీ అది చూడకుండా అతన్ని మళ్లీ పిలవకండి.

ఆవిడ రెండోసారి అతన్ని పిలిచినప్పుడు లాప్‌టాప్ మూసేసి, ఫోన్ బయట సీటు దగ్గరే వదిలేసి వెళ్లింది. 'ఎందుకు వెళ్లిపోతున్నారు' అని అడగవద్దని నేను ముందే చెప్పాను. నోటీస్ పీరియడ్‌లో ఉన్న మనిషికి రిలీవింగ్ లెటర్ కావాలి, రేపు ఎవరైనా ఫోన్ చేసి అడిగితే మీరు నాలుగు మంచి మాటలు చెప్పాలి. అలాంటప్పుడు 'ఎందుకు' అంటే 'పర్సనల్' అనే వస్తుంది. హెచ్‌ఆర్ వాళ్లు నింపించుకునే ఫారంలోనూ అదే రాస్తారు. అది అబద్ధం కాదు, ముందుజాగ్రత్త. అందుకని ఆవిడ ఇలా అడిగింది: 'మీ సీట్లోకి రేపు ఇంకొకరు వస్తారు. వాళ్ల కోసం నేను ఏం మార్చాలి?' ఇలా అడిగితే అతను మీ మీద ఫిర్యాదు చేయనక్కర్లేదు. తర్వాత వచ్చే మనిషికి సాయం చేస్తున్నట్టు ఉంటుంది.

అడిగాక ఆగడం కష్టమైన పని. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లలో తరగతి గదుల్లో దీన్ని గమనించింది. టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక సెకను మాత్రమే ఆగి, తర్వాత వాళ్లే మాట్లాడేస్తున్నారు. మూడు సెకన్లో, అంతకంటే కాస్త ఎక్కువో ఆగితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, మామూలుగా నోరు విప్పని పిల్లలు కూడా మాట్లాడారు. ఆఫీసు గదిలోనూ ఆ ఒక్క సెకనే మనందరి అలవాటు. ఆవిడ బల్ల కింద కాలి బొటనవేలు నొక్కుతూ అంకెలు లెక్కపెట్టుకుంది. అతను పెన్ను క్యాప్ తీశాడు, పెట్టాడు, మళ్లీ తీశాడు. ఏడు దాకా లెక్కపెట్టేసరికి అన్నాడు: 'పని ఎక్కువై కాదు మేడమ్. నేను చెప్పింది మీ దాకా వచ్చిందో లేదో తెలిసేది కాదు. రాలేదనుకుని మళ్లీ చెబితే విసిగిస్తున్నట్టు ఉంటుందేమో అని...'

ఇక్కడే ఆవిడ పొరపాటు చేసింది. 'లేదు లేదు, నేను చూశాను. అప్పుడు ఆడిట్ నడుస్తోంది కదా, నా పైన కూడా...' అని మొదలుపెట్టింది. అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. అతను 'అవును మేడమ్, నిజమే' అన్నాడు. పెన్ను క్యాప్ పెట్టేసి జేబులో పెట్టుకున్నాడు. మిగతా పది నిమిషాలు పని ఎవరికి అప్పగించాలో మాట్లాడుకుని లేచారు.

మాట్లాడుతున్న మనిషి ఉన్నట్టుండి 'నిజమే' అని ఒప్పేసుకుంటే మీరు అతన్ని ఒప్పించారని కాదు, అతను చెప్పడం మానేశాడని. మీరు ఎప్పుడు సమర్థించుకోవడం మొదలుపెట్టారో ఆ క్షణంలోనే అది వస్తుంది. ఆవిడకు ఆ సంగతి సాయంత్రం తట్టింది. మంచి విషయం ఏమిటంటే, దాన్ని అక్కడితో వదిలేయలేదు. మర్నాడు అతని సీటు దగ్గరకే వెళ్లి, 'నిన్న మీరు చెబుతుంటే నేను నా గురించి చెప్పుకుపోయాను. మీ మాట పూర్తి కాలేదు. ఎప్పుడైనా చెప్పాలనిపిస్తే వింటాను' అని వచ్చేసింది. మూడు రోజుల తర్వాత అతనే టైమ్ అడిగాడు. ఆ రోజు 40 నిమిషాలు మాట్లాడాడు. ఆవిడ అన్న మాటలు రెండే రెండు: 'ఇంకా?', 'నాకు అర్థమైంది ఇది, కరెక్టేనా?' ఆ రెండో ప్రశ్నకు అతను రెండుసార్లు 'కాదు మేడమ్' అన్నాడట. మూడేళ్లలో అతను తన మాటను కాదనడం అదే మొదలని చెబుతూ ఆవిడ ఏడ్చేసింది.

అతను ఆగలేదు. వేరే చోట చేరతానని మాట ఇచ్చేశాడు, వెళ్లిపోయాడు. మీ టీమ్‌లోని కుర్రాడు కూడా వెళ్లిపోయే అవకాశమే ఎక్కువని ముందే చెబుతున్నాను. రాజీనామా మెయిల్ వచ్చే నాటికి ఆ మనిషి లోపల నిర్ణయం అయిపోయి చాలా కాలమై ఉంటుంది. మాట్లాడే క్రమంలో తనంతట తానే జీతం సంగతి తెస్తే అప్పుడు మీ చేతనైనంత చేయండి. మీరు మాత్రం దాంతో మొదలుపెట్టకండి. ఏమీ చెప్పనంటే బలవంతపెట్టకండి. చెప్పకపోయే హక్కు అతనికుంది.

మీ దగ్గర ఇంకా ఎనిమిది మంది ఉన్నారు కదా, వాళ్ల సంగతి. ఆవిడ మొదట్లో ఆవేశంగా ఒక పని చేసింది. టీమ్‌లో ఇంకో నెమ్మదైన అమ్మాయిని మీటింగులో అందరి ముందూ 'నువ్వు చెప్పు, నువ్వేమంటావ్?' అని అడిగింది. ఆ అమ్మాయి ముఖం ఎర్రబడి 'అందరూ చెప్పిందే మేడమ్' అంది. వారం పాటు ఆవిడ కళ్లలోకి చూడలేదు. తర్వాత పద్ధతి మార్చి, మీటింగులో ఏం అడగబోతోందో ముందు రోజే రాసి అందరికీ పంపడం మొదలుపెట్టింది. మాట్లాడటం ఇష్టం లేనివాళ్లు రాసి పంపవచ్చని చెప్పింది. ఆ అమ్మాయి రాసిన మొదటి మెయిల్ పేజీన్నర ఉంది.

రెండు వారాలకోసారి ఒక్కొక్కరితో అరగంట విడిగా కూర్చుంటుంది. మొదటి పది నిమిషాలు వాళ్లవి. 'అంతా ఓకేనా?' అని అడగడం మానేసింది, దానికి ఎవరైనా 'ఓకే' అనే అంటారు. 'ఈ రెండు వారాల్లో అనుకున్నదానికంటే ఎక్కువ టైమ్ తిన్న పని ఏది?' అని అడుగుతుంది. మీటింగ్ వాయిదా వేయాల్సి వస్తే అదే వారంలో ఇంకో టైమ్ తనే పెడుతుంది. వాళ్లు అడిగిన ప్రతి దానికీ వారంలోపు జవాబు వెళ్తుంది: అవుతుంది, కాదు, లేదా ఫలానా తేదీకి చెబుతాను. 'కాదు, కారణం ఇదీ' అన్నా చాలు. నెమ్మదస్తుడికి ఆ 'కాదు' కంటే 'నోటెడ్' ఎక్కువ బాధ పెడుతుంది.

అలాగని మౌనంగా ఉన్నవాళ్లందరూ బాధలో ఉన్నారనుకోవద్దు. కొందరి తీరే అంత. ప్రతివాళ్లనీ అనుమానంగా చూస్తే వాళ్లకు టెన్షన్. ఇంకొకరితో పోల్చకండి, ఆ మనిషిని తన పాత అలవాటుతోనే పోల్చి చూడండి. ఇంతకుముందు మీ షీట్‌లో తప్పు కనబడితే మెల్లగా 'సార్, ఇక్కడ ఒకసారి చూడండి' అనేవాడు, ఇప్పుడు తప్పున్నా అలాగే పంపేస్తున్నాడా? ఇంతకుముందు రెండు సందేహాలు అడిగి పని తీసుకునేవాడు, ఇప్పుడు వినీ వినగానే 'సరే సార్' అంటున్నాడా? మాట తగ్గితే అంత కంగారు అక్కర్లేదు. అభ్యంతరం చెప్పడం మానేస్తే మాత్రం ఆ వారమే కూర్చోండి.

ఇక మీ ఆవిడ అన్న మాట. మీ ఉత్తరమంతటిలో నన్ను ఆపింది అదే. 'అతనికీ' అన్నారావిడ. ఆ 'కీ' దగ్గర మీరు ఆగారో లేదో నాకు తెలియదు. ఈ వారంలో ఒక రాత్రి తీరిగ్గా, 'ఆ రోజు నువ్వన్నది నీ గురించి కూడానా?' అని అడగండి. జవాబు వెంటనే రాకపోవచ్చు. పాత సంగతి ఏదో తీస్తే, అప్పుడు మీరు ఎంత బిజీగా ఉన్నారో చెప్పకండి. ఆవిడ 'సర్లెండి, నిజమే' అంటే ఆ రోజుకి మీరు సమర్థించుకున్నారని గ్రహించి, మర్నాడు మళ్లీ వెళ్లండి.

నిద్ర పట్టకపోవడం ఇంకో రెండు వారాలు ఇలాగే ఉంటే డాక్టర్‌ని కలవండి, దాన్ని నెట్టుకు రావద్దు. అతనితో కూర్చునే టైమ్ మాత్రం ఈ వారంలోనే పెట్టండి. 40 రోజులు చాలా ఉన్నట్టే కనబడతాయి గానీ, చివరి వారమంతా పని అప్పగించడంతోనే సరిపోతుంది.