జాకెట్టు సైజు తేడా వచ్చిందంటే తప్పెక్కడుందో తేల్చుకునే పద్ధతి

“మాది చిన్న ఊరు, టైలరింగ్ షాపు ఉంది. ఈ మధ్య వాట్సాప్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో జాకెట్ల ఆర్డర్లు తీసుకుంటున్నాను. పార్సిల్ అందాక కొందరు సైజు సరిపోలేదని, డబ్బులు వెనక్కి ఇవ్వమని అంటున్నారు. తప్పు ఎవరిదో తేలడం లేదు. మీరైతే ఇలాంటివి ఎలా పరిష్కరిస్తున్నారు?”

మాది చీరాల. ఇక్కడ నేసే కుప్పడం పట్టుచీరలు కొనుక్కునే దూరప్రాంతాల వాళ్లు, చీరలోని జాకెట్టు ముక్కను కూడా కుట్టించి పంపమని చీరల వ్యాపారులను అడగడం వల్ల నాకు ఈ ఆన్‌లైన్ పని మొదలైంది. ఎదుట నిలబడిన మనిషికైతే ట్రయల్ వేయించి, బిగుతుగా ఉన్నచోట అక్కడికక్కడే విప్పి సరిచేస్తాము. ఎప్పుడూ చూడని మనిషికి కుట్టేటప్పుడు ఆ ట్రయల్ ఉండదు కాబట్టి, దాని స్థానంలో రాతపూర్వకమైన ఆధారం ఉండాలి. అది లేకపోతే ప్రతి ఫిర్యాదూ మీ మాటకూ ఆమె మాటకూ మధ్య వాదనగానే మిగిలిపోతుంది.

ఫిర్యాదు రాగానే నేను డబ్బు సంగతి మాట్లాడను. ముందు ఒకే ఒక్క విషయం తేలుస్తాను: కుట్టిన జాకెట్టు చీటీలో రాసుకున్న కొలతకు తేడాగా ఉందా, లేక చీటీలోని కొలతే ఆమె ఒంటికి తేడాగా ఉందా? మొదటిదైతే బాధ్యత షాపుది, రెండోదైతే కొలత ఇచ్చినవారిది. దీన్ని తేల్చాలంటే చీటీలో ఒంటి కొలత ఒక గడిలోనూ, కుట్టవలసిన జాకెట్టు కొలత మరో గడిలోనూ విడివిడిగా రాసి ఉండాలి. నాకు వచ్చిన తగాదాల్లో ఎక్కువ భాగం ఈ రెండూ కలిసిపోవడం వల్ల పుట్టినవే. “ఛాతీ 36” అని మెసేజ్ పెట్టినప్పుడు అది ఒంటి చుట్టుకొలతో, పాత జాకెట్టును కొలిచి చెప్పిన లెక్కో మనకు తెలియదు. సాగని గుడ్డతో కుట్టే లైనింగ్ జాకెట్టుకు నేను ఒంటి కొలత మీద ఒకటిన్నర అంగుళం లూజు కలుపుతాను. ఆమె అప్పటికే లూజు కలిసిన జాకెట్టు కొలత ఇచ్చి ఉంటే, నేను మళ్లీ కలిపినందువల్ల జాకెట్టు వదులైపోతుంది. ఆమె ఒంటి కొలత ఇచ్చినప్పుడు నేను దాన్ని జాకెట్టు కొలత అనుకుంటే హుక్కులు పట్టవు. అందుకే గుడ్డకు కత్తెర పెట్టకముందే రెండు గడులూ నింపిన చీటీని ఫొటో తీసి పంపి, “చూశాను, సరే” అని ఆమె చేత రాయించుకుంటాను. ఆ జవాబు రానంతవరకు గుడ్డ మడత విప్పను.

పార్సిల్ కట్టేముందు చేయవలసిన పని ఇంకొకటి ఉంది. జాకెట్టుకు హుక్కులన్నీ పెట్టి, బల్ల మీద పరిచి, ఒక చంక కుట్టు నుంచి రెండో చంక కుట్టు వరకు టేపు పెట్టి ఫొటో తీయండి. నడుము పట్టీకి, చేతి రౌండుకు, షోల్డర్‌కు కూడా అలాగే తీయండి. డాట్లు ఉన్న జాకెట్టు పూర్తిగా చదునుగా పరుచుకోదు, కాబట్టి ఈ కొలత నూటికి నూరు శాతం కచ్చితమని చెప్పలేము. అయితే మనకు కావలసింది పోలిక. రేపు ఆమె కూడా అదే పద్ధతిలో కొలిచి పంపితే, రెండు ఫొటోలనూ పక్కపక్కన పెట్టి చూడవచ్చు.

బెంగళూరు నుంచి వచ్చిన ఒక ఆర్డరు సంగతి చెబితే ఇది స్పష్టమవుతుంది. ఆమె ఛాతీ చుట్టుకొలత 34 అని ఇచ్చారు. ఒంటి కొలతేనని నిర్ధారించుకుని, లూజు కలిపి, 35½ అంగుళాలకు కుట్టాను. పార్సిల్ అందిన సాయంత్రమే, “అక్కా, హుక్కులు పెడితే ఊపిరాడడం లేదు, గుడ్డంతా పాడుచేశారు” అని మెసేజ్ వచ్చింది. “అమ్మా, జాకెట్టు మీకు సరిపోయేలా చేసే బాధ్యత నాది, ఎక్కడ తేడా వచ్చిందో ముందు చూద్దాం” అని రాసి, రెండు ఫొటోలు అడిగాను. ఒకటి జాకెట్టు వేసుకున్నది, ముఖం లేకుండా మెడ నుంచి నడుము వరకు. రెండోది బల్ల మీద పరిచి టేపు పెట్టింది. వేసుకున్న ఫొటోలో హుక్కుల పట్టీ నుంచి రెండు పక్కలకూ అడ్డంగా ముడతలు లాగుతున్నాయి, హుక్కుల మధ్య గుడ్డ విచ్చుకుంటోంది. ఇవి ఛాతీ చుట్టుకొలత చాలలేదనడానికి గుర్తులు. అదే ముడతలు చంక నుంచి ఏటవాలుగా వస్తూ, చెయ్యి ఎత్తితే జాకెట్టు మొత్తం పైకి లేస్తుంటే నేను చంక రౌండును అనుమానించేదాన్ని. రెండో ఫొటోలో టేపు 17¾ అంగుళాలు చూపించింది. నేను పంపే ముందు తీసిన ఫొటోలోనూ అదే అంకె ఉంది, దాన్ని రెట్టింపు చేస్తే 35½ అవుతుంది. కాబట్టి జాకెట్టు చీటీ ప్రకారమే ఉంది, తేడా ఒంటి కొలతలో ఉందని తేలింది. వీడియో కాల్‌లో ఇంట్లోవాళ్ల చేత టేపు పట్టించి మళ్లీ కొలిపించాను. మొదట ఆమె చంకల కిందుగా, ఛాతీ పైభాగంలో కొలుచుకున్నారు. నిండుగా ఉండే చోట కొలిస్తే 36 వచ్చింది.

తప్పు ఎటువైపు ఉందో తేలాక జాకెట్టును బాగుచేసే మార్గం ఉండాలి కదా. ఆన్‌లైన్ ఆర్డర్లకు నేను పక్క కుట్ల లోపల ప్రతి ముక్కకూ ఒక అంగుళం గుడ్డ వదులుతాను. కుట్టును అర అంగుళం బయటికి జరిపితే ఒక్కో పక్క ముందు ముక్కలో అరా, వెనుక ముక్కలో అరా పెరుగుతుంది, రెండు పక్కలా కలిపి రెండు అంగుళాలు వస్తుంది. అంటే 35½ కాస్తా 37½ అయింది, 36 అంగుళాల ఒంటికి అది చక్కగా సరిపోతుంది. ఇలా విప్పినప్పుడు చంక రౌండు కూడా ఒక్కో వైపు ఒక అంగుళం పెరుగుతుందన్న సంగతి మరిచిపోకూడదు. చేతి కింది కుట్టును కూడా అర అంగుళం విప్పితేనే చెయ్యి ఆ చంకలో సరిగ్గా కూర్చుంటుంది, కాబట్టి చేతికి కూడా మార్జిన్ వదిలి తీరాలి. పట్టుగుడ్డ మీద పాత కుట్టు సూదిగుర్తులు కనిపిస్తాయి, అయితే అవి చంక కిందే ఉండిపోతాయి కనుక ఇబ్బంది ఉండదు. ఆ బెంగళూరు ఆమెకు ఎక్కడ విప్పాలో, ఎక్కడ కుట్టాలో జాకెట్టు బొమ్మ గీసి గుర్తులు పెట్టి పంపితే, వాళ్ల వీధిలోని టైలరే ఆ పని చేసిపెట్టారు. ఆ కూలీ ఆమే ఇచ్చుకున్నారు, నేను డబ్బు వెనక్కి ఇవ్వవలసిన అవసరం రాలేదు.

అయితే మార్జిన్ అన్నింటినీ కాపాడలేదు. మెడ లోతుగా కోసేస్తే ఆ గుడ్డ మళ్లీ రాదు. డాట్ల కొన కిందికో పైకో పడితే కొద్దిగా మాత్రమే జరపగలము. చేతుల మీద మగ్గం వర్క్ ఉంటే చేతిని పెంచడం కష్టమవుతుంది. పైగా చీరతో వచ్చిన జాకెట్టు ముక్క బజారులో విడిగా దొరకదు, ఫిర్యాదు చేసేవారికి అంత కోపం రావడానికి సగం కారణం ఇదే, ఆ కోపం న్యాయమైనదే. అందువల్ల మెడ లోతును, డాట్ కొనను అంకెలతో మాత్రమే తీసుకోకుండా, సరిపోయే జాకెట్టు మీద టేపు పెట్టిన ఫొటోతో కూడా తీసుకోండి. కోతలో మిగిలిన ముక్కలను పారేయకండి. జాకెట్టు సరిపోయిందని మాట వచ్చేవరకు వాటిని చీటీతో పాటు కవరులో ఉంచితే, మార్జిన్ చాలనప్పుడు చంక కింద అతుకు వేయడానికి పనికివస్తాయి.

ఆది జాకెట్టు పంపిస్తే ఇక సమస్యే ఉండదని చాలామంది అనుకుంటారు, నా అనుభవం అలా లేదు. సాగే గుడ్డతో చేసిన రెడీమేడ్ జాకెట్టును ఆదిగా పంపితే, అదే కొలతతో కుట్టిన పట్టు జాకెట్టు బిగుసుకుపోతుంది. అందుకే ఆది ఏ గుడ్డదో, దానికి లైనింగ్ ఉందో లేదో, ఇవాళ వేసుకుంటే ఎలా ఉందో తప్పకుండా అడుగుతాను. అలాగే కాటన్ లైనింగ్‌ను నీళ్లలో నానబెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసిన తరువాతే కోస్తాను. అలా చేయకపోతే మొదటి ఉతుకులో లైనింగ్ ముడుచుకుని పైగుడ్డను లాగుతుంది, అప్పుడు మొదట్లో సరిపోయిన జాకెట్టు గురించి కూడా ఫిర్యాదు వస్తుంది. అటువంటి ఫిర్యాదు వచ్చినప్పుడు జాకెట్టును లోపలికి తిప్పి ఫొటో తీయమనండి. లైనింగ్ బిగుసుకుపోయి పైగుడ్డ సంచిలా ఉబ్బి ఉంటే అది షాపు పని లోపమే, సందేహం అక్కరలేదు.

డబ్బు విషయంలో నా పద్ధతి ఆర్డరు తీసుకునేటప్పుడే రాసి పంపుతాను. జాకెట్టు చీటీకి అర అంగుళం కంటే ఎక్కువ తేడాగా ఉంటే రానుపోను కొరియర్, సరిచేసే కూలి నావి. సరిచేయడం సాధ్యం కాకపోతే కుట్టుకూలి మొత్తం తిరిగి ఇచ్చి, ఆ చీరకు నప్పే రంగు గుడ్డ కొని, మరో జాకెట్టు ఉచితంగా కుడతాను. ఒంటి కొలతే తప్పయితే ఒకసారి విప్పి కుట్టడానికి కూలి తీసుకోను, కొరియర్ మాత్రం వారిది. కొలత తేడా అయితే పార్సిల్ అందిన ఏడు రోజుల్లోగా, ఉతకకముందే చెప్పాలన్న నియమం కూడా అందులోనే ఉంటుంది.

మీ పేజీ కింద ఎవరైనా కోపంగా రాసినా, వారి ఒంటి కొలతలను గానీ, వేసుకున్న ఫొటోలను గానీ రుజువుగా అక్కడ పెట్టకండి. ఆడవాళ్లు మనల్ని నమ్మి ఇచ్చిన వివరాలవి. వాటిని ఆ మనిషికే విడిగా పంపాలి. ఒకవేళ మాట కుదరకపోతే, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొనుగోలుదారు తాను నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు, అంటే చీరాలలో కుట్టిన జాకెట్టుకు బెంగళూరులో జవాబు చెప్పవలసి రావచ్చు. అందుకే ఆమె ఒప్పుకున్న చీటీ, పంపే ముందు తీసిన టేపు ఫొటోలు, కొరియర్ రసీదు మూడింటినీ ఒక్కో ఆర్డరు పేరుతో వేరే ఫోల్డరులో దాచుకోండి. ఫోను మార్చినప్పుడు వాట్సాప్ సంభాషణలు పోయే ప్రమాదం ఉంది కాబట్టి వాటిని అక్కడే వదిలేయకండి.