పాము కాటు: కట్టు కట్టి కూర్చోవాలా, బయలుదేరాలా?

"మా పొలాల్లో పాములు ఎక్కువ. కాటు పైన తాడు బిగిస్తే విషం ఎక్కదని పెద్దలు అంటారు. ఆస్పత్రి దూరం. ముందుగా ఏం చేయాలి?"

తాడు కట్టకండి. వరికోతల్లో మా చిన్నాన్నను రక్తపింజర మడమ పైన కరిచింది. పక్క చేనివాళ్లు పిక్క మీద తువ్వాలు చుట్టి, పుల్లతో మెలితిప్పి బిగించారు. ఆస్పత్రికి చేరేసరికి పాదం నల్లబడి చల్లగా ఉంది. రక్తపింజర విషం కాటు చుట్టూ కండను దెబ్బతీస్తుంది. కట్టు ఆ విషాన్ని అక్కడే నిలిపి, రక్తం అందకుండా చేసి, దెబ్బను రెట్టింపు చేస్తుంది. ఒక్కసారిగా విప్పితే నిలిచిన విషమంతా ఒంట్లోకి పోటెత్తవచ్చు. అందుకే ఇప్పటికే ఎవరైనా గట్టిగా బిగించి ఉంటే దారిలో కోసేయకండి, చేరగానే డాక్టరుకు చూపించండి. చిన్నాన్నకు సెలైన్ పెట్టి, విరుగుడు మందు ఎక్కించడం మొదలుపెట్టాకే మెల్లగా వదులు చేశారు.

అక్కడ చేసిన పరీక్ష చాలా చిన్నది. కొద్దిగా రక్తం తీసి శుభ్రమైన గాజు గొట్టంలో పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, వంచి చూశారు. గడ్డకట్టలేదు, నీళ్లలా జారింది. అంటే విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వడం లేదు. వెంటనే విరుగుడు మందు 10 వయల్స్ ఎక్కించారు, ఆరు గంటలకు మళ్లీ అదే పరీక్ష. బ్లేడుతో గాటు పెట్టడం ఎందుకు ప్రమాదమో దీన్నిబట్టి మీకే తెలుస్తుంది: ఆ గాటు నుంచి రక్తం ఆగదు. చిన్నాన్న రక్తం త్వరగానే కుదుటపడింది, కట్టు చేసిన పుండు మాత్రం నెలల తరబడి మానలేదు.

మరి మంత్రగాడి దగ్గర బతికినవాళ్ల సంగతి? వాళ్లలో చాలామందిని కరిచింది విషం లేని పామో, విషం దించకుండా కరిచినదో అయి ఉంటుంది. పేరు మాత్రం మంత్రానికి! పసరు తాగించడం మరీ ప్రమాదం. నాగుపాము, కట్లపాము కాటుకు గొంతు కండరాలు బలహీనపడతాయి, తాగించింది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. కట్లపాము కాటుకు వాపు, నొప్పి దాదాపు ఉండవు. రాత్రి నేలమీద పడుకున్న మనిషి కడుపునొప్పితో లేచి, కనురెప్పలు వాలిపోతుంటే అనుమానించి బయలుదేరండి.

మీరు చేయాల్సింది కొంచెమే. మెట్టెలు, కడియాలు, ఉంగరాలు వాపు రాకముందే తీయండి. కాలికి బద్ద పెట్టి, గుడ్డతో వదులుగా చుట్టి, విరిగిన కాలిలా కదలకుండా ఉంచండి. నడిపించకండి. 108 కి ఫోను చేయండి. అది ఆలస్యమయ్యేలా ఉంటే బండి మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకెళ్లండి. పామును వెతికి చంపక్కర్లేదు: మన దేశంలో ఇచ్చే మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ ఒకటే.

ఇక ఈ వారంలోనే దగ్గరి ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్లి రెండు మాటలు అడిగి రండి: యాంటీవీనం అనే ఈ విరుగుడు మందు నిల్వ ఉందా, రాత్రిపూట డాక్టరు ఉంటారా? లేదంటే నేరుగా వెళ్లాల్సింది ఏ ఆస్పత్రికో ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి.